అరిగిన చోటి పాట

ఆసుపత్రి వెనక వీధి,
మా ఇంటి వరండా

అన్నయ్యా,

నేనిక్కడ కులాసా, నువ్వక్కడ కులాసా అని మొదలుపెట్టాలి గానీ, ఇద్దరం డెబ్బైలు దాటినవాళ్లం, ఆ అబద్ధం మనకెందుకు?

నువ్వు ఫోన్ చేస్తున్నావని తెలుసు. ఎత్తి ఏం చెప్పను? ఆపరేషన్ అయ్యాక గొంతులోంచి గాలి తప్ప ఇంకేం రావడం లేదు. డాక్టరమ్మ మాత్రం "మెల్లిగా వస్తుందండీ, తొందరపడకండి" అంటోంది. మీ బావగారు పిల్లల పలక ఒకటి కొనిచ్చారు, అవసరమైన మాట దాని మీద రాయమని. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని వీధంతా చెప్పుకుంటున్నారు కూడా. నాకు కోపం వచ్చి పలక నిండా రాసేసరికి ఆయన పక్కగదిలో ఉంటున్నారు.

అసలు సంగతికి వస్తాను. మా పాపకి, అదే మావాడి కూతురికి, పెళ్లి కుదిరింది. వానలు తగ్గాక. మొన్న వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని, "నానమ్మా, నేను బయల్దేరేటప్పుడు ముత్తవ్వ కట్టిన పాట ఉండాలి" అంది. అమ్మ కట్టిన పాట నీకు గుర్తుందిగా, పెళ్లికూతురు గడప దాటేటప్పుడు పాడేది. మన ఇంట్లో ఏ పెళ్లయినా అది నేనే పాడాను. ఇప్పుడు పాప నేర్చుకుని తానే పాడుకుంటానంటోంది. ఎవరు నేర్పాలి? నేనా, పలక మీదా?

నీ కూతురి పెళ్లికి వీడియో తీయించావు. నా పాట పట్టిన క్యాసెట్ ప్రపంచంలో అదొక్కటే. ఉంటే వెతికి, ఆ పాట మటుకు తీయించి పంపించు. పాట ఒక్కటే చాలు అన్నయ్యా. భోజనాలూ, ఫొటోలూ, వదినా, వచ్చిపోయేవాళ్లూ ఇవేం అక్కర్లేదు.

నీ చెల్లెలు

*

షాపు మీది గది

చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత మళ్లీ మొదట్నుంచీ చదివాను. గొంతు గురించి నువ్వు రాసినదాంట్లో ఎంత నిజముందో, ఎంత దాచావో నాకు తెలియదు. దాచకు.

క్యాసెట్ దొరికింది. కింద కుట్టుషాపు మూసేసినప్పుడు మిగిలిపోయిన లైనింగు బట్టలన్నీ ఒక ట్రంకులో పెట్టాను, వాటి అడుగున ఉంది. అట్టపెట్టె మీద మీ వదిన రాత. ముందువైపు అద్దంలోంచి చూస్తే టేపు చుట్ట అంచుల మీద తెల్లగా, పిండి చల్లినట్టుగా ఉంది. దుమ్మనుకున్నాను.

ఇక్కడో అదృష్టం ఏమిటంటే మా చిన్నోడు నా దగ్గరే ఉన్నాడు. అమ్మాయి కొడుకు, ఇప్పుడు నాకంటే రెండు చేతుల పొడుగు, అయినా చిన్నోడే. స్టూడియోలో పెళ్లి సినిమాలు కత్తిరించే ఉద్యోగం. యజమానితో పడక మానేశాడు, ఇంకోటి దొరికేదాకా తాత వంట తింటానని వచ్చాడు. నేను బట్ట కత్తిరించి బతికాను, వాడు బొమ్మ కత్తిరించి బతుకుతున్నాడు. వంశం కత్తెర వదలలేదు.

క్యాసెట్ పట్టుకుని నేను పాత వీడియో మిషన్లో దూర్చబోతుంటే చేయి పట్టుకున్నాడు.

"తాతయ్యా, ఆగు. అది దుమ్ము కాదు, బూజు. ఇలాగే వేస్తే మిషన్లో టేపుని చదివే డ్రమ్ముకి పట్టుకుంటుంది. తర్వాత ఏ క్యాసెట్ వేసినా దానికీ అంటుకుంటుంది."

మిషన్ ఎలాగూ పనిచేయలేదు, అది వేరే సంగతి. మూత విప్పితే లోపల రబ్బరు బెల్టులు కరిగి తారులా అయ్యాయి.

మేడ మీద నీడపట్టున, ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాం. వాడు పెన్సిలు లాంటిది చక్రం కన్నంలో పెట్టి టేపు మెల్లిగా తిప్పుతుంటే, నేను మెత్తటి లైనింగు బట్ట మడిచి రెండు అంచులకీ ఆనించి పట్టుకున్నాను. తడి తగలకూడదట, పొడిగానే తుడవాలట. బట్ట నల్లబడితే మడత మార్చడం, మళ్లీ పట్టుకోవడం. కొన్ని మధ్యాహ్నాలు ఇదే పని. ఊరికే కూర్చుంటే నా వేళ్లు వణుకుతాయి, నీకు తెలుసు. బట్ట చేతిలో ఉంటే వణకవు. వాడు అది చూసి, "నీ చేతులకి పని ఇస్తే చాలు తాతయ్యా, మందులక్కర్లేదు" అన్నాడు.

బూజు పోయింది. పాట ఉందో లేదో ఇంకా చూడలేదు.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి వెనక వీధి

అన్నయ్యా,

మీరిద్దరూ ముక్కులకి గుడ్డలు కట్టుకుని మేడ మీద కూర్చున్న దృశ్యం తలచుకుని మీ బావగారు నవ్వుతూనే ఉన్నారు. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా. దానికీ అలవాటు పడుతున్నాను.

నువ్వు అట్టపెట్టె మీద వదిన రాత అని రాశావు. ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకు. నేను పాడటం మొదలుపెట్టగానే వదిన లేచి వెళ్లిపోయేది, గమనించావా? మన పిన్ని కూతురి పెళ్లిలో అంతే, మన తమ్ముడి కూతురి పెళ్లిలో అంతే. మీ అమ్మాయి పెళ్లిలో, సొంత కూతురి పెళ్లిలో కూడా, నేను గొంతు సవరించుకోగానే లేచి వంటింటివైపు వెళ్లింది. అందరూ కూర్చున్నారు, పెళ్లికూతురి తల్లి లేదు. నేను పాడుతూనే ఆ ఖాళీ కుర్చీ చూశాను. గొడవేం పడలేదు మేమిద్దరం. కాఫీ ఇచ్చేది, నేను తాగేదాన్ని. ఆ తర్వాత మీ ఇంటికి నేనెందుకు తక్కువగా వచ్చానో నువ్వెప్పుడూ అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదు. కానీ ఆ పాట అమ్మది. వినడానికి అంత కష్టమా?

సరే. టేపు ఆడుతుందా? పాప రోజూ అడుగుతోంది.

నీ చెల్లెలు

*

షాపు మీది గది

చెల్లాయ్,

వెంటనే జవాబు రాయలేదు, పని మధ్యలో ఉన్నాం.

బజారు మూల క్యాసెట్ల ఆయన ఉన్నాడు. ఒకప్పుడు అద్దెకిచ్చేవాడు. ఇప్పుడు ఫోన్ల తొడుగులు అమ్ముతాడు గానీ వీధి మొత్తానికీ ఇంకా క్యాసెట్ల ఆయనే. వెనక గదిలో రెండు మిషన్లు దాచుకున్నాడు. ఒకటి అరువిచ్చాడు. చిన్నోడు దాని మూత విప్పి, తెల్లకాగితం ముక్క స్పిరిట్‌లో తడిపి డ్రమ్ముకి మెత్తగా ఆనించి, డ్రమ్ముని వేలితో తిప్పాడు. కాగితం మీద మసి గీతలు పడ్డాయి. "దూదితో తుడిస్తే సులువు కదరా" అన్నాను. "దూది పోగు డ్రమ్ము మీది హెడ్‌కి చిక్కుకుంటే హెడ్ విరుగుతుంది. పైకీ కిందికీ రుద్దినా అంతే. కాగితం కదలకూడదు, డ్రమ్మే తిరగాలి" అన్నాడు.

క్యాసెట్ డబ్బా కూడా బాగాలేదు. ముందు తలుపు వంకరపోయి సరిగ్గా తెరుచుకోవడం లేదు. అందుకని ఒక ఖాళీ క్యాసెట్ విప్పి, దాని డబ్బాలోకి మన చుట్టలు మార్చాం. అడుగున అయిదు మరలు. పై మూత ఎత్తేముందు వాడు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు, టేపు ఏ చక్రం మీంచి ఏ పుల్ల వెనక నుంచి పోతుందో గుర్తుండటానికి. మూత ఎత్తగానే చిన్న స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోయింది. తాతా మనవడూ మోకాళ్ల మీద పాకాం. చుట్టలు మార్చింది నేనే. చేతులకి తొడుగులు వేసుకుని, టేపు బయటివైపు తగలకుండా. బొమ్మా పాటా ఉండేది ఆ వైపే.

వేశాం. అమ్మాయి కనపడింది, చెల్లాయ్. సన్నగా, భయంభయంగా. నేను నల్ల మీసంతో అటూ ఇటూ పరిగెడుతున్నాను. టేపంతా బాగానే ఉంది, నీ పాట దగ్గరికి వచ్చేసరికి చెడింది. తెల్ల గీతలు వానలా పడ్డాయి. మూడో చరణం దగ్గర బొమ్మ ఉంది, నీ పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. నీళ్లలోంచి వచ్చినట్టు కాస్త వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది.

తీసి చూస్తే అక్కడ టేపు పై అంచు నలిగింది, కుట్టు తప్పిన కాలరులా ముడతలు పడింది. చిన్నోడు చెప్పాడు, బొమ్మ టేపు వెడల్పంతా ఏటవాలుగా పరుచుకుని ఉంటుందట, శబ్దం మాత్రం పై అంచున సన్నటి దారంలా పోతుందట. అంచు నలిగితే బొమ్మకంటే ముందు గొంతు పోతుంది.

క్యాసెట్ల ఆయన చూసి, "ఆ ముక్క కోసి పారేసి, అటూ ఇటూ అతికించండి. నలిగిన టేపు నా మిషన్ని పాడుచేస్తుంది" అన్నాడు. తప్పు లేదు, మిషన్ ఆయనది. కానీ చిన్నోడు, "కోస్తే ఆ చరణం మరి రాదు తాతయ్యా, నీ ఇష్టం" అన్నాడు. కత్తెర నా చేతిలోనే ఉంది. బట్ట ఒక అంగుళం తప్పు కోసినా పక్క నుంచి లాగి సర్దగలను. దీనికి పక్క అనేది లేదు. కత్తెర లోపల పెట్టేశాను.

నువ్వేమంటావు?

మీ వదిన గురించి నువ్వు రాసింది చదివాను. దానికి జవాబు ఇంకోసారి రాస్తాను.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి వెనక వీధి

అన్నయ్యా,

మొన్న డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి నిజం చెప్పింది. నువ్వు దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇక రాదట. గుసగుస వస్తుంది, అది కూడా దగ్గరికి వంగి వినేవాళ్లకి. ఒక నరం పోయింది. మీ బావగారు ఇంటికి రాగానే పలక తీసి బీరువాలో దాచేశారు. రాయొద్దు, నేను వంగి వింటాను అన్నారు. చెవుడు ఆయనకి, గుసగుస నాది. చూడముచ్చటైన సంసారం.

ఇప్పుడు నీ ప్రశ్న. పోయింది మాటలైతే కోసెయ్యమనేదాన్ని. మాటలు నాకు తెలుసు, ఇదిగో రాస్తున్నాను:

గడప దాటే పాదాలకు తొందరేలనే తల్లీ,
గాలికైనా ఒక్కమాట చెప్పి కదలవే.
చిక్కులన్నీ దువ్వెనలో వదిలి వెళ్లవే తల్లీ,
నవ్వులొకటే మూటకట్టి నడిచి వెళ్లవే.
పొయ్యి పొగకే కళ్లు తడిసెను, నీకు కాదులే తల్లీ,
వెనుదిరిగి నువు చూడబోకే, నడిచి వెళ్లవే.

చివరి రెండు పాదాలే మూడో చరణం. మొదటి రెండూ ఒకే బాణీ. మూడోది కాదు. "నీకు కాదులే" దగ్గర అమ్మ గొంతు పైకి లేపుతుందనుకుంటాం, లేపదు. కిందికి దించి, అక్కడ కొంచెం ఆగి, "తల్లీ" అని అదివరకు ఎక్కడా లేని మలుపు తిప్పుతుంది. పాటంతా ఆ మలుపు కోసమే. నేను దాన్ని పాపకి వేలితో గాలిలో గీసి చూపించాను. పాపం, అది తల ఊపింది, అర్థం కాలేదు.

మాట రాయగలను అన్నయ్యా, మలుపు రాయలేను. కోయవద్దు.

నీ చెల్లెలు

*

షాపు మీది గది

చెల్లాయ్,

నీ ఉత్తరం చిన్నోడికి చదివి వినిపించాను, డాక్టరమ్మ మాటతో సహా. వాడు లేచి మిషన్ మూత మళ్లీ విప్పాడు. తర్వాత "మొదట్నుంచీ మళ్లీ చేద్దాం తాతయ్యా" అన్నాడు.

ముందు ముడతలు. మెత్తటి బట్ట పరిచి, టేపు వీపు పైకి వచ్చేలా పెట్టి, కుట్టుపనిలో మడతలు నొక్కే నున్నటి ఎముక పలక ఉంది నా దగ్గర, దానితో ఒక్కో ముడతా నిమిరాను. గట్టిగా నొక్కితే సాగుతుంది, సాగిన టేపుకి మందు లేదు. ఇస్త్రీపెట్టె అన్న మాట నోట్లోంచి రాబోతే వాడు నా వైపు చూసిన చూపుకి మింగేశాను. వేడి తగిలితే ముడుచుకుపోతుంది.

తర్వాత క్యాసెట్ల ఆయన దగ్గరికి వెళ్లి రెండో మిషన్ కూడా అడిగాను. ఇవ్వనన్నాడు. నీ ఉత్తరంలో మూడో చరణం చదివి వినిపించాను. ఆయన కూతురికి కిందటేడే పెళ్లయింది. తానే మోసుకుని మేడ మెట్లెక్కి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రెండో మిషన్ ఎందుకంటే, శబ్దం చదివే హెడ్ ఒక్కో మిషన్లో వెంట్రుకవాసి ఎత్తూ పల్లంగా ఉంటుందట. ఒకదానికి దొరకనిది ఇంకొకదానికి దొరకొచ్చు. మొదటి మిషన్లో బొమ్మ శుభ్రంగా వచ్చింది, గొంతు పోయింది. రెండో దాంట్లో బొమ్మ పైభాగం జెండాలా వంగిపోయింది గానీ, "నీకు కాదులే" వినపడింది. సన్నగా, దూరంగా, కానీ వినపడింది. క్యాసెట్ల ఆయన "ఉష్" అన్నాడు, మేమెవరం మాట్లాడకపోయినా.

ఎక్కువసార్లు వేయకూడదు, వేసిన ప్రతిసారీ కొంత రాలుతుంది. మధ్యలో ఆపి ఉంచకూడదు, ఆపితే డ్రమ్ము అదే చోట రుద్దుతూ ఉంటుంది. అందుకని పాటకి చాలా ముందు నుంచి మొదలుపెట్టి, ఆపకుండా కంప్యూటర్లోకి ఎక్కించాం. మొదటిసారి అదీ కుదరలేదు. బొమ్మ వణికినప్పుడల్లా కంప్యూటర్ బొమ్మలు వదిలేసింది, పాట పెదవులకంటే వెనకబడింది. మధ్యలో పాత డీవీడీ రికార్డరు ఒకటి తగిలించి, దాని గుండా పంపితే నిలకడగా వచ్చింది.

మిగతాది వాడి కత్తెర. వాణ్ణే రాయమన్నాను, కింద ఉంది. పాట ఈ ఉత్తరంతో పాటు పంపిస్తున్నాను, చిన్న డబ్బాలో పెన్‌డ్రైవ్. పాపకి ఇవ్వు, అది పెట్టి చూపిస్తుంది.

మీ అన్నయ్య

మామ్మా, నమస్కారం. తాతయ్య రాయమన్నాడు. బొమ్మ ఒక మిషన్ది, మూడో చరణం గొంతు ఇంకో మిషన్ది. రెండూ ఒకే వేగంతో తిరగవు. పాట మధ్యలో ఎవరో గ్లాసు కింద పడేశారు, గుర్తుందా? ఆ చప్పుడు రెండింట్లోనూ ఉంది, దాన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి కలిపాను. అయినా చరణం చివరికి జారిపోతుంటే ఒక్కో మాటా విడిగా సర్దాను. పాట వెనక వచ్చే టేపు బుస తగ్గించాను, పూర్తిగా తీయలేదు. తీస్తే నీ ఊపిరి కూడా పోతోంది. ఎక్కడ కోయాలన్న దగ్గర తాతయ్యకీ నాకూ వాదన. నేను మొదటి మాట దగ్గర కోశాను. తాతయ్య, "గొంతు సవరించుకోవడం ఉండనీరా, అది లేకపోతే మా చెల్లెలు కాదు" అన్నాడు. ఉంచాను. చివర కూడా నువ్వు కళ్లు తెరిచేదాకా. బొమ్మ అంచులు నలుపుగా చిరిగినట్టుంటే పనిలో అలవాటు ప్రకారం చుట్టూ కోసి, నీటుగా చేశాను. - చిన్నోడు

*

ఆసుపత్రి వెనక వీధి

అన్నయ్యా,

వచ్చింది. విన్నాను.

ఆ గొంతు నాదే అని నాకు నమ్మకం కుదరడానికి రెండు మూడు సార్లు పట్టింది. అంత ధైర్యంగా పాడేదాన్నా? గొంతు సవరించుకునేటప్పుడు ఎంత గొప్పలు పోయానో చూశావా, పెద్ద కచేరీలా. ఆ ముక్క ఉంచమన్నందుకు నిన్ను తిట్టాలో ఏం చేయాలో తెలియడం లేదు.

పాప ఆ మలుపు దగ్గర ఆపి, వెనక్కి వేసి, ఆపి, వెనక్కి వేసి నేర్చుకుంటోంది. కంప్యూటర్లో ఎన్నిసార్లు వేసినా అరగదట, అదృష్టవంతులు. ఇంకా రాలేదు, దగ్గర్లో ఉంది. తప్పు పాడినప్పుడు నేను వేలు ఎత్తుతాను, అది ఆగుతుంది. నేర్పడానికి గొంతు అంత అవసరం లేదని ఈ వయసులో తెలిసింది.

నేర్చుకుంటూ పాపే అడిగింది. "నానమ్మా, టేపంతా బాగుండి నీ పాట దగ్గరే ఎందుకు చెడింది?" నేను భుజాలెగరేశాను. అప్పట్నుంచీ నేను కూడా అదే ఆలోచిస్తున్నాను. నువ్వు ఆ సంగతి రాసి, మరి ఎత్తలేదు. నీ ఉత్తరాల్లో నువ్వెత్తని చోటు నాకు తెలుస్తుంది, చిన్నప్పట్నుంచీ.

నీ చెల్లెలు

*

షాపు మీది గది

చెల్లాయ్,

పట్టేశావు. ఎత్తలేదు, కారణముంది. ఇప్పుడు రాస్తాను.

టేపు మొదటిసారి వేసినప్పుడే చిన్నోడు అడిగాడు. "తాతయ్యా, ఈ పాట ఎవరు చూసేవాళ్లు ఇన్నిసార్లు?" టేపు దానంతట అది ఒకచోటే పాడవదట. అక్కడే ఆపి, బొమ్మ కనపడుతుండగానే వెనక్కి తిప్పి, మళ్లీ వేస్తే డ్రమ్ము ఆ చోటే రుద్దుతుంది. పొడి రాలుతుంది, తెల్ల గీతలు పడతాయి. వెనక్కీ ముందుకీ లాగినప్పుడు ఏదో ఒక రోజు మిషన్ అంచు నమిలింది. "ఏళ్ల తరబడి వేసుంటారు" అన్నాడు.

నేను కాదు. నేను పొద్దున్న షాపులోకి దిగితే దీపాలు పెట్టేవేళకి పైకొచ్చేవాణ్ణి. అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మే నాన్నా" అంది. "నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. మధ్యాహ్నం నువ్వు కింద ఉన్నప్పుడు పెట్టుకునేది. అత్త పాట వరకే. మూడో చరణం అయ్యాక వెనక్కి తిప్పేది. ఎందుకమ్మా అంటే, 'మీ అత్త ఎదురుగా ఉంటే వినలేను, ఏడుపొస్తుంది. నలుగురిలో ఏడిస్తే ఆవిడ పాట పాడవుతుంది కదా' అంది."

ఇది నీకు వెంటనే రాయాలని కలం పట్టుకున్నాను. కానీ నువ్వప్పుడే ఆ ఖాళీ కుర్చీ గురించి రాశావు. కూతురు చెప్పిన మాట, పోయిన మనిషి మాట, నా నోటి మీదుగా వస్తే నిన్ను సముదాయించడానికి కల్పించాననుకుంటావని జంకాను. అందుకని ఊరుకున్నాను.

నిన్న ఒకటి జరిగింది. చిన్నోడికి ఉద్యోగం దొరికింది, వెళ్లేముందు అన్నీ సర్దుతున్నాడు. నీకు పంపింది అంచులు కోసిన బొమ్మ కదా, కోయనిది కంప్యూటర్లో అలాగే ఉంది. చెరిపేముందు ఒకసారి వేశాడు. "తాతయ్యా, ఇటు రా" అన్నాడు.

పాత టీవీలు బొమ్మ మొత్తం చూపించేవి కావట. నాలుగు వైపులా అంచు కొంచెం చట్రం వెనక్కి పోయేది. టేపు మీద మాత్రం ఆ అంచు కూడా ఉంటుంది. కంప్యూటర్ దాన్నీ చూపిస్తుంది. ఎడమ అంచున వంటింటి తలుపు. తలుపు పక్కన, సగం గోడ చాటున, మీ వదిన. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. రెండో చరణంలో చెంగు తీసేసింది. నీతో పాటు పెదవులు కదుపుతోంది, చెల్లాయ్. శబ్దం లేదు. "నీకు కాదులే" దగ్గర నువ్వు ఆగినంతసేపూ ఆగింది, మలుపు దగ్గర తల కూడా అలాగే తిప్పింది. పాట మొత్తం వచ్చు దానికి. నాతో ఇన్నేళ్లు కాపురం చేసింది, ఒక్క కూనిరాగం నేను వినలేదు.

టీవీలో అది తనకి తాను కనపడి ఉండదు. ఏళ్ల తరబడి చూసింది నిన్నే.

మళ్లీ వేయమన్నాను. చిన్నోడు చెరపలేదు. "కోసి పంపాను, నీటుగా ఉండాలని" అని గొణిగాడు. వాడి తప్పేముంది, వాడి పని అది. ఈసారి అంచులతో సహా, చిరుగులూ నలుపూ ఏదీ తీయకుండా పంపిస్తున్నాం. పాట ఒక్కటే చాలన్నావు. పాటలోనే ఉంది, వేరుగా తీయడం మా వల్ల కాదు.

మీ అన్నయ్య

*

ఆసుపత్రి వెనక వీధి

అన్నయ్యా,

పెళ్లి అయ్యాక రాద్దామని ఆగాను. నువ్వు వచ్చి చూశావు, పాప పాడింది, మలుపు తిరిగింది. నీ పక్కన కూర్చునే ఉన్నాను గానీ ఆ సందట్లో నీకేం చెప్పలేకపోయాను. నా గుసగుస అంత జనంలో నిలవదు.

కోయని బొమ్మ నాకు ముందే వచ్చింది. నువ్వు రాసింది ముందు చదివి, తర్వాత చూశాను. ఒక్కదాన్నే చూశాను. వదిన కళ్లు తుడుచుకోవడం కనపడింది. గ్లాసు పడేసింది కూడా ఆవిడే, చూసుకున్నావా? తలుపు పక్క బల్ల మీద చేయి తగిలి. పడగానే నాలుక కరుచుకుని నా వైపు చూసింది, పాట ఆగిపోతుందేమోనని. నేను ఆపలేదు. ఆ చప్పుడు విని, వంటింట్లో ఎవరో పాట వినకుండా గిన్నెలు సర్దుతున్నారని మండిపడ్డాను, ఇప్పటికీ గుర్తు.

ఇన్నేళ్లూ నేను ఆ కుర్చీనే చూశాను.

పాపకి రెండు ముక్కలూ ఇచ్చాను. వదిన ఉన్నదే దాచుకుంటానంది. అందులో ఇద్దరు పాడుతున్నారు నానమ్మా, నేర్చుకోవడానికి అదే సులువు అంది.

శుక్రవారం బండికి వస్తున్నాను. మీ బావగారు దించి వెళ్తారు, పది రోజులుంటాను. క్యాసెట్ల ఆయన మిషన్ తిరిగివ్వొద్దు, నేను అడిగానని చెప్పు. ఆ పెళ్లి మొత్తం చూడాలి, భోజనాలూ ఫొటోలూ అన్నీ, మధ్యాహ్నం పూట, వదిన కూర్చుని చూసిన చోట కూర్చుని. వదిన కనపడిన ప్రతిచోటా నువ్వు నాకు చెప్పాలి, అప్పుడేం చేస్తోంది, ఎవరితో ఏమంది, అన్నీ. నేను మధ్యలో అడ్డం రాను. అంతసేపు నేను నోరు మూసుకుని నీ మాట వినడం మన ఇంట్లో ఇదే మొదటిసారి, కాబట్టి బాగా గుర్తు తెచ్చుకుని ఉంచుకో.

నీ చెల్లెలు